‘ఆలస్యం జరిగింది’ నుంచి ‘మేము తీసేశాం’ దాకా: వాయిదా డెక్‌ను సిబ్బందికి చెప్పే మాటగా తిరగరాయడం

ప్రాజెక్ట్ వాయిదా డెక్‌ను, అంటే వాయిదా గురించి చెప్పే స్లైడ్ల కట్టను, డైరెక్టర్ల కోసం తయారుచేస్తారు. బడ్జెట్ ఎంత పెరిగింది, రిస్క్ ఎంత, కొత్త తేదీకి అనుమతి ఇస్తారా అన్నవి అక్కడి ప్రశ్నలు. అదే విషయం గోడౌన్‌లో పనిచేసే మనిషికి చేరేసరికి ప్రశ్నలు మారిపోతాయి: ఎందుకు ఆగింది, నా సెలవు సంగతేంటి, తప్పు మా మీదికి వస్తుందా? అందుకే డెక్‌ను కుదించి మెయిల్‌లో పెడితే పని జరగదు. దాన్ని విప్పదీసి, వేరే వరుసలో మళ్లీ రాయాలి.

ఎలాగో చూడటానికి ఒక మాదిరి కేసు తీసుకుందాం. మందుల డిస్ట్రిబ్యూషన్ సంస్థ ఒకటి. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో గోడౌన్లు, 340 మంది సిబ్బంది. పాత స్టాక్ సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి అక్టోబర్ 1న మారాలి. సెప్టెంబర్ మొదటి వారంలో 14 స్లైడ్ల డెక్ వచ్చింది. శీర్షిక ‘టైమ్‌లైన్ పునఃసమీక్ష’. తొమ్మిదో స్లైడ్‌లో ‘సవాళ్లు’ కింద మూడు ముక్కలు: డేటా నాణ్యత సమస్యలు, వెండర్ వనరుల పరిమితి, పరీక్షల షెడ్యూల్ సర్దుబాటు. కొత్త తేదీ ‘క్యూ4’, అంటే నాలుగో త్రైమాసికం.

1. ముందు డెక్‌ను అడుగుదాకా చదవండి

స్లైడ్లను మాత్రమే చదివి రాయడం మొదలుపెట్టకండి. స్పీకర్ నోట్స్, దాచిన స్లైడ్లు, చివర్లో ఉండే బ్యాకప్ పేజీలు, పాత వెర్షన్లు అన్నీ తెరవండి. పవర్‌పాయింట్‌లో దాచిన స్లైడ్ నంబర్ మీద అడ్డగీత ఉంటుంది. అసలు కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

స్లైడ్ కట్టుబాటులోనే ఒక ఇబ్బంది ఉంది. బులెట్ కింద చిన్న బులెట్, దాని కింద ఇంకా చిన్నది పెట్టుకుంటూ పోతే అత్యవసరమైన మాట అన్నిటికన్నా చిన్న అక్షరాల్లోకి జారిపోతుంది. 2003లో నాసా అంతరిక్ష నౌక కొలంబియా షటిల్ కూలక ముందు, రెక్కకు తగిలిన ఫోమ్ ముక్క గురించి ఇంజనీర్లు ఇచ్చిన స్లైడ్‌కు ధైర్యం చెప్పేలాంటి శీర్షిక ఉంది. పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలనీ, ఇప్పుడు లెక్కలోకి తీసుకున్నది 1920 అనీ అట్టడుగు బులెట్లలో ఉంది. దర్యాప్తు బోర్డు ఈ స్లైడ్ అల్లికను ప్రత్యేకంగా తప్పుపట్టింది. మన స్టాక్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాణాపాయం లేకపోయినా స్లైడ్ దాచే పద్ధతి మాత్రం అదే.

మాదిరి కేసులో పదకొండో స్లైడ్ నోట్స్‌లో ఒక వాక్యం ఉంది: ‘మార్చి రివ్యూలో మాక్ రన్ తొలగించడం జరిగింది, అక్టోబర్ తేదీ కాపాడటానికి.’ మాక్ రన్ అంటే అసలు మార్పుకు ముందు కొత్త సాఫ్ట్‌వేర్‌లో డేటా ఎక్కించి చూసే రిహార్సల్. మొత్తం డెక్‌లో ఇంతకన్నా ముఖ్యమైన వాక్యం లేదు.

ఇప్పుడు ఒక తెల్లకాగితం మీద తేదీల వారీగా జరిగింది మాత్రమే రాయండి. విశేషణాలు వద్దు. మన కేసులో అది నాలుగు వరుసలు తేలుతుంది. జనవరిలో ఆరు వారాల మాక్ రన్‌తో ప్లాన్ ఆమోదం పొందింది. మార్చిలో యాజమాన్యం మాక్ రన్ తీసేసింది. జులైలో వెండర్ ఇంజనీర్లు ఇద్దరు మూడు వారాలు ఆలస్యంగా వచ్చారు. ఆగస్టులో డేటా ఎక్కిస్తుండగా లెక్కలు తప్పినట్టు బయటపడింది.

2. కారణం ఒక నిర్ణయం దగ్గరికి చేరేదాకా తవ్వండి

‘డేటా నాణ్యత సమస్యలు’ అన్నది కారణం కాదు, కారణానికి కప్పిన దుప్పటి. దాని కింద ఉన్నది ఇది. పాత సాఫ్ట్‌వేర్‌లో కొన్ని మందులను బాక్సుల్లో, కొన్నిటిని స్ట్రిప్పుల్లో నమోదు చేశారు. ఒక బాక్స్‌లో పది స్ట్రిప్పులు ఉంటాయని గోడౌన్‌లో అందరికీ తెలుసు కాబట్టి పాతదాంట్లో పని నడిచిపోయింది. కొత్తది ఆ అంకెను ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. 40 బాక్సులున్న చోట 40 స్ట్రిప్పులు చూపిస్తుంది, అంటే 360 స్ట్రిప్పుల సరుకు తెరమీద మాయమవుతుంది. మొత్తం 18,400 ఐటెంలలో 5,100 ఇలా అనుమానాస్పదంగా ఉన్నాయి.

ఇంతటితో ఆగితే పాత ఎంట్రీలు చేసిన స్టోర్ క్లర్కులే దోషులుగా కనిపిస్తారు. ఇంకో మెట్టు దిగండి. ఇది ఆగస్టులోనే ఎందుకు తెలిసింది? మాక్ రన్ లేదు కాబట్టి. మాక్ రన్ ఎందుకు లేదు? మార్చిలో తీసేశారు కాబట్టి. ఎవరు? యాజమాన్యం. అక్కడికి చేరితే చాలు. ఫలానా పనిని ఫలానావాళ్లు ఫలానా నెలలో ఎంచుకున్నారు అని చెప్పగలిగిన చోట తవ్వకం ఆపవచ్చు.

వెండర్ సంగతి జాగ్రత్తగా తూచాలి. డెక్‌లో వాళ్లది రెండో బులెట్, పైగా ఎర్రరంగులో ఉంది. ఒక పరీక్ష పెట్టండి: ఈ ఒక్కటీ జరగకపోయి ఉంటే పాత తేదీ నిలిచేదా? మూడు వారాల ముందే ఇంజనీర్లు వచ్చినా 5,100 ఐటెంలు అలాగే ఉండేవి. కాబట్టి వెండర్ ఆలస్యం నిజమే కానీ అసలు కారణం కాదు. దాన్ని వదిలేయకండి, ముందు వరుసలోనూ పెట్టకండి. రెండో స్థానంలో ఒక్క వాక్యం చాలు.

తేల్చిన కారణాన్ని ముగ్గురికి చూపించండి: ప్రాజెక్ట్ మేనేజర్‌కు, డేటా చూసే టీమ్ లీడ్‌కు, మార్చి నిర్ణయం తీసుకున్న డైరెక్టర్‌కు. డైరెక్టర్‌కు రాతలో పంపకుండా కూర్చోబెట్టి చదివి వినిపించడం మంచిది. అభ్యంతరం వస్తే ‘ఇందులో ఏ మాట తప్పు?’ అని మాత్రమే అడగండి. తప్పు ఉంటే దిద్దుతారు. ‘తప్పేం లేదు కానీ బాగోలేదు’ అంటే ఆ వాక్యం ఉండాల్సిందే.

3. మేము, మనం

ఇంగ్లీషు డెక్‌లో ‘వుయ్’ అన్న ఒక్క మాటతో గడిచిపోతుంది. తెలుగులో గడవదు, అదే మన అదృష్టం. ‘మార్చిలో మనం మాక్ రన్ తీసేశాం’ అంటే విజయవాడ గోడౌన్‌లో ప్యాకింగ్ చేసే అమ్మాయి కూడా ఆ నిర్ణయంలో భాగస్తురాలైపోతుంది. ఆమె ఆ రివ్యూలో లేదు. చదివిన క్షణంలోనే ఆమెకు మండుతుంది. ‘మేము తీసేశాం’ అంటే బరువు మోయాల్సిన చోటే ఉంటుంది. నిర్ణయాలకూ తప్పులకూ ‘మేము’ రాయండి, ఇకముందు కలిసి చేయాల్సిన పనికి ‘మనం’ రాయండి. డ్రాఫ్ట్ అయ్యాక ఈ రెండు మాటల కోసమే ఒకసారి మొత్తం వెతకండి.

రెండో ఉచ్చు ‘జరిగింది’. ‘వాయిదా వేయడం జరిగింది’, ‘షెడ్యూల్ సర్దుబాటు చేయబడింది’ అన్న ఆఫీసు తెలుగులో పని ఉంటుంది, చేసినవాళ్లు ఉండరు. అలాంటి ప్రతి వాక్యానికీ కర్తను తెచ్చి పెట్టండి. మూడోది ఇంకా నాజూకైనది. తెలుగులో కర్త లేకపోయినా వాక్యం నిలబడుతుంది కాబట్టి ‘మార్చిలో తీసేశారు’ అని రాసి ఊరుకోవచ్చు. చదివేవాళ్లు ఆ ‘వాళ్లు’ ఎవరో తమకు నచ్చినట్టు ఊహించుకుంటారు. టీ కొట్టు దగ్గర ఒక్కో షిఫ్టు ఒక్కో పేరు చెబుతుంది.

పేర్ల విషయంలో ఒక గీత ఉంది. నిర్ణయం తీసుకున్న పదవిని చెప్పాలి, ఆ పదవిలో ఉన్నవారే సంతకం పెట్టాలి. కిందిస్థాయి ఉద్యోగి పేరుగానీ, గుర్తుపట్టగలిగే వివరంగానీ రాకూడదు. ముగ్గురే ఉన్న టీమ్‌ను ‘ఫలానా టీమ్ పొరపాటు’ అన్నా పేరు పెట్టి అన్నట్టే లెక్క.

4. తేదీని లెక్కకట్టి ఇవ్వండి

డెక్‌లోని ‘క్యూ4’ను సిబ్బంది మెయిల్‌లోకి తేకండి. మన ఆర్థిక సంవత్సరం ప్రకారం అది జనవరి నుంచి మార్చి. క్యాలెండర్ సంవత్సరంతో లెక్కవేసే వెండర్‌కు అక్టోబర్ నుంచి డిసెంబర్. ఒకే స్లైడ్ చూసి ఇద్దరు రెండు తేదీలు మోసుకెళ్తారు.

కొత్త తేదీ పని లెక్క నుంచి రావాలి. మాదిరి కేసులో ఇద్దరు మనుషులు ఐదు రోజులు కూర్చుని 600 ఐటెంలు సరిచూశారు. అంటే మనిషికి రోజుకు 60. మిగిలినవి 4,500. నలుగురిని పెడితే రోజుకు 240, కాబట్టి 19 పనిదినాలు. దసరా సెలవులు, కొంచెం వెసులుబాటు కలిపితే అక్టోబర్ 15. తరువాత అక్టోబర్ 27 నుంచి మొదటి మాక్ రన్ రెండు వారాలు, దిద్దుబాట్లకు రెండు వారాలు, మళ్లీ మాక్ రన్. ఇవన్నీ అయ్యేసరికి డిసెంబర్ మొదటి వారం. కాగితం మీద డిసెంబర్ చివర్లో మొదలుపెట్టవచ్చనిపిస్తుంది. కానీ తొలి రెండు వారాలు అందరూ ఉండాలి, సంక్రాంతికి సగం గోడౌన్ ఊళ్లకు వెళ్తుంది. అందుకే జనవరి 19. అదీ తప్పితే మార్చి క్లోజింగ్ దగ్గరపడుతుంది కాబట్టి ఏప్రిల్ తప్ప వేరే దారి లేదు. ఆ మాట కూడా ఇప్పుడే చెప్పాలి.

లెక్క లేకుండా ఇచ్చిన తేదీ ఎంత దూరం ఈడుస్తుందో బెర్లిన్ బ్రాండెన్‌బర్గ్ విమానాశ్రయం చూపించింది. 2012 జూన్ 3న తెరవాల్సినదాన్ని నాలుగు వారాల ముందు, మే 8న, అగ్నిమాపక వ్యవస్థ సిద్ధంగా లేదని ఆపారు. వెంటనే 2013 మార్చి అన్నారు, తరువాత అదే సంవత్సరం అక్టోబర్ అన్నారు. తెరిచింది 2020 అక్టోబర్ 31న. రెండోసారి తప్పిన తేదీ మొదటిదానికన్నా ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే మూడో తేదీని ఎవరూ రాసిపెట్టుకోరు.

లెక్క ఇంకా తేలకపోతే తేదీ ఇవ్వకండి. తేదీ ఎప్పుడు చెబుతారో ఆ రోజు ఇవ్వండి. మన కేసులో తేదీ ఉంది, దాన్ని ఖాయం చేసే రోజు కూడా ఉంది: మొదటి మాక్ రన్ ఫలితం వచ్చే నవంబర్ 10.

5. ఎవరికి ఏం పోతుందో రాసుకోండి

డెక్‌లో ‘సిబ్బందిపై ప్రభావం: స్వల్పం’ అని ఉంటుంది. ఆ ‘స్వల్పం’ను విడగొట్టండి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో సెలవులు ఆపి ఉంచారు, ఇప్పుడు ఆపాల్సిన అవసరం లేదు. ఆగస్టులో 60 మంది సూపర్‌వైజర్లకు ట్రైనింగ్ ఇచ్చారు, జనవరికి మర్చిపోతారు కాబట్టి మళ్లీ ఇవ్వాలి. మార్పు పూర్తయితే ఇస్తామన్న ఇన్సెంటివ్ ఉంది. మార్పు రోజుల కోసం మాట్లాడుకున్న 12 మంది తాత్కాలిక కార్మికులు ఉన్నారు.

ఆ చివరి 12 మందికి ఈ మెయిల్ ద్వారా తెలియకూడదు. వాళ్లకు ముందురోజే ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఇన్సెంటివ్ గురించి నిర్ణయం అవ్వలేదంటే, అయ్యేదాకా ఒకరోజు మెయిల్ ఆపడమే మేలు. డబ్బు గురించి ‘త్వరలో తెలియజేస్తాం’ అని రాస్తే మిగతా మెయిల్ ఎవరూ చదవరు.

6. ఇప్పుడు రాయండి

వరుస ఇది: ఏం మారింది, ఎందుకు, మీకు ఏం మారుతుంది, ఏం మారదు, ఇంకా ఏం తెలియదు, మళ్లీ ఎప్పుడు చెబుతాం. సాధించిన విజయాల స్లైడ్లు రెండూ పక్కన పెట్టేయండి. వాయిదా వార్తకు ముందు పెట్టిన పొగడ్త, చేదు మాత్రకు బెల్లం రాసినట్టే ఉంటుంది, పెద్దవాళ్లు కనిపెట్టేస్తారు.

> సబ్జెక్ట్: కొత్త స్టాక్ సాఫ్ట్‌వేర్ అక్టోబర్ 1న మొదలవదు, జనవరి 19కి మారింది
>
> అందరికీ నమస్కారం.
>
> కొత్త స్టాక్ సాఫ్ట్‌వేర్ అక్టోబర్ 1న మొదలవదు. జనవరి 19న మొదలుపెట్టాలని ప్లాన్ చేశాం. అప్పటిదాకా మూడు గోడౌన్లలోనూ ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్‌లోనే పనిచేస్తాం.
>
> కారణం ఇది. పాత లెక్కల్లో కొన్ని మందులు బాక్సుల్లో, కొన్ని స్ట్రిప్పుల్లో నమోదై ఉన్నాయి. అలాగే ఎక్కిస్తే కొత్త సాఫ్ట్‌వేర్ 40 బాక్సులను 40 స్ట్రిప్పులుగా చూపిస్తుంది. ఇలాంటివి 5,100 ఐటెంలు సరిచూడాలి. ఇది ఏప్రిల్‌లోనే తెలియాల్సింది. అందుకోసమే ప్లాన్‌లో ఆరు వారాల మాక్ రన్ ఉండేది. అక్టోబర్ తేదీ తప్పకూడదని మార్చిలో యాజమాన్యంగా మేము దాన్ని తీసేశాం. ఆ నిర్ణయం తప్పు. పాత ఎంట్రీలు చేసినవాళ్లది గానీ, డేటా టీమ్‌ది గానీ తప్పు కాదు. వెండర్ ఇంజనీర్లు మూడు వారాలు ఆలస్యంగా వచ్చిన మాట నిజమే, కానీ వాళ్లు సమయానికి వచ్చినా అక్టోబర్ 1 కుదిరేది కాదు.
>
> మీకు మారేవి: ఆపి ఉంచిన సెలవులు ఈరోజు నుంచి మామూలుగా పెట్టుకోవచ్చు. సెలవు రద్దు చేసుకున్నందుకు టికెట్ డబ్బులు పోయినవాళ్లు బిల్లు హెచ్‌ఆర్‌కు ఇస్తే తిరిగి చెల్లిస్తాం. సూపర్‌వైజర్లకు జనవరి మొదటి వారంలో మళ్లీ ట్రైనింగ్ ఉంటుంది, డ్యూటీ వేళల్లోనే. ఇన్సెంటివ్‌లో సగం అక్టోబర్ జీతంతో, మిగతా సగం మార్పు పూర్తయ్యాక ఇస్తాం.
>
> మారనివి: జీతాలు, షిఫ్టులు, ఎవరి పని వాళ్లదే.
>
> జనవరి 19 ఖాయమని ఇప్పుడే చెప్పలేం. మొదటి మాక్ రన్ అక్టోబర్ 27న మొదలవుతుంది. దాని ఫలితం చూసి నవంబర్ 10న ఆ తేదీ నిలుస్తుందో లేదో రాస్తాం. నిలవకపోతే మార్చి క్లోజింగ్ దాటాక, ఏప్రిల్‌లో మొదలుపెడతాం.
>
> సెలవులు వదులుకున్నవారికి, రెండు వారాలు ట్రైనింగ్‌లో కూర్చున్నవారికి క్షమాపణలు. ప్రశ్నలుంటే మీ గోడౌన్ మేనేజర్‌ను గానీ నన్ను గానీ అడగండి. గురువారం మూడు గంటలకు విజయవాడ గోడౌన్‌లో ఉంటాను.
>
> ఆపరేషన్స్ డైరెక్టర్

క్షమాపణ ఒక్కసారే ఉంది, ఎవరికి, దేనికి అన్నది ఉంది. మూడుసార్లు క్షమాపణ చెబితే చదివేవాళ్లు ఇంకేదో పెద్దది దాచారేమోనని కంగారుపడతారు. ‘ఆ నిర్ణయం తప్పు’ అన్నది మూడు మాటల వాక్యం. దానికి ముందూ వెనకా ‘అప్పటి పరిస్థితుల్లో’ లాంటివి తగిలించాలనే ఒత్తిడి తప్పకుండా వస్తుంది. అప్పటి కారణం (అక్టోబర్ తేదీ తప్పకూడదని) వెనక వాక్యంలోనే ఉంది, అది చాలు.

‘అనివార్య కారణాల వల్ల’, ‘ఊహించని’, ‘దురదృష్టవశాత్తు’ అన్న మాటలు ఎక్కడైనా మిగిలాయేమో చూడండి. మార్చిలో తీసేసిన పరీక్ష అనివార్యమూ కాదు, దాని ఫలితం ఊహించనిదీ కాదు. అటువైపు ‘తీవ్రంగా’, ‘ఘోరంగా’ కూడా వద్దు. నెమ్మదైన స్వరం మెత్తని మాటల నుంచి రాదు, అంకెలూ తేదీలూ ఉన్న చిన్న వాక్యాల నుంచి వస్తుంది.

కొన్ని కారణాలు పూర్తిగా చెప్పడానికి వీలుండదు. వెండర్‌తో కాంట్రాక్ట్ వివాదం లాయర్ల దాకా వెళ్తే, లేదా ఒకరి అనారోగ్యం వల్ల పని ఆగితే, వివరం రాయకూడదు. అప్పుడు వేరే కారణం అల్లకండి. ‘ఒక కారణం కాంట్రాక్ట్‌కు సంబంధించింది, దాని వివరాలు ఇప్పుడు చెప్పలేం’ అని రాయండి. దాస్తున్నామని చెప్పి దాచడం వేరు, అసలు లేనట్టు రాయడం వేరు.

7. పంపే ముందు, పంపేటప్పుడు

ప్రాజెక్ట్‌తో సంబంధం లేని ఒకరికి, వీలైతే గోడౌన్‌లోనే పనిచేసే ఒకరికి, డ్రాఫ్ట్ ఒకసారి చదవనిచ్చి వెనక్కి తీసుకోండి. మూడు అడగండి: ఎందుకు ఆగింది, ఎవరి నిర్ణయం, నీకేం మారుతుంది? ‘ఎవరి నిర్ణయం’ దగ్గర తడబడితే కారణం పేరా మళ్లీ రాయాలి. ‘సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు లేట్ చేశారట’ అన్నారంటే వెండర్ వాక్యం బరువెక్కిందని అర్థం.

డెక్‌ను కూడా దిద్దండి. ఇది చాలామంది మర్చిపోతారు. డెక్ ఎలాగూ ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేస్తారు. అందులో ‘వెండర్ వనరుల పరిమితి’ ఎర్రరంగులో ఉండి, మెయిల్‌లో ‘మేము తీసేశాం’ ఉంటే, ఒకటి బోర్డుకు చెప్పిన మాట, ఇంకొకటి మనకు చెప్పిన మాట అనుకుంటారు. తొమ్మిదో స్లైడ్‌లో మెయిల్‌లోని కారణం పేరానే పెట్టండి.

గోడౌన్ మేనేజర్లకు గంట ముందు పంపండి, ఒకరోజు ముందు కాదు. ఒకరోజు ఇస్తే సాయంత్రానికి వాట్సాప్ గ్రూపుల్లో ఉంటుంది. శనివారం సాయంత్రం పంపకండి, ఆదివారమంతా అడిగేవాళ్లుంటారు, చెప్పేవాళ్లుండరు. మంగళవారం ఉదయం, రెండు షిఫ్టులు కలిసే వేళ బాగుంటుంది. గోడౌన్‌లో చాలామంది మెయిల్ తెరవరు కాబట్టి నోటీస్ బోర్డు మీద ప్రింట్ తీసి పెట్టాలి, వాట్సాప్ గ్రూపులో చిన్నది వేయాలి. కుదించేటప్పుడు ముందు తెగేది కారణమే, అందుకని చిన్నదాన్ని కూడా మీరే రాసి ఇవ్వండి:

> కొత్త స్టాక్ సాఫ్ట్‌వేర్ అక్టోబర్ 1 నుంచి జనవరి 19కి మారింది. బాక్స్, స్ట్రిప్ లెక్కలు 5,100 ఐటెంలలో సరిచూడాలి. ముందే పట్టుకోవాల్సిన మాక్ రన్‌ను మార్చిలో యాజమాన్యం తీసేసింది, తప్పు మాది. సెలవులు ఈరోజు నుంచి మామూలే. పూర్తి నోటీసు బోర్డు మీద ఉంది. తదుపరి సమాచారం నవంబర్ 10న.

నవంబర్ 10ని ముగ్గురి క్యాలెండర్లలో ఇప్పుడే పెట్టండి. ఆ రోజుకు మాక్ రన్ ఫలితం రాకపోయినా మెయిల్ వెళ్లాలి. అప్పుడు దాని మొదటి వాక్యం ‘ఫలితం ఇంకా రాలేదు’ అనే ఉంటుంది, రెండోది ఎందుకు రాలేదో చెబుతుంది.